చెక్కపెట్టె ఊపులో గుండు వేగం

(హైదరాబాదులో ఒక ఆదివారం ఉదయం భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు, ఇంటర్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే ఇంత దూరం వచ్చినందుకు పిల్లలకూ, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన మాస్టార్లకూ కృతజ్ఞతలు.

నాంపల్లి నుమాయిష్‌కి వెళ్లినప్పుడల్లా నేను బెలూన్లు కాల్చే దుకాణం దగ్గర కాసేపు నిలబడతాను. మీరూ చూసే ఉంటారు. ఎయిర్‌గన్ ట్రిగ్గర్ నొక్కగానే టప్పుమని శబ్దం వస్తుంది, ఎదురుగా బెలూన్ ఉండదు. మధ్యలో పెల్లెట్ ప్రయాణం చేసింది కదా, దాన్ని ఎవరైనా చూశారా? దుకాణం లోపలి దూరం మూడు మీటర్లు అనుకుందాం. పెల్లెట్ ఆ దూరం దాటడానికి సెకనులో యాభయ్యో వంతు పడుతుంది. కంటిరెప్ప సగం కూడా వాలదు. స్టాప్‌వాచ్ తీసేలోపే పని అయిపోతుంది. అలాంటి దాని వేగాన్ని ఒక స్కేలు, ఒక తక్కెడ, నాలుగు దారాలతో కొలవవచ్చు. ఇవాళ మనం చేసే పని అదే.

మన గోల్కొండకే వెళ్దాం. 1687లో ఔరంగజేబు సేనలు నెలల తరబడి ఆ కోటను ముట్టడించాయి. ఫిరంగులు పేల్చినవాళ్లకు ఎంత మందు వేస్తే గుండు ఎంత దూరం పోతుందో అనుభవం మీద బాగా తెలుసు. కానీ గొట్టం నోటి దగ్గర గుండు వేగం ఎంత అని అడిగితే, ఆ రోజు ఇటు కోటలో గానీ, అటు డేరాల్లో గానీ, ఆ మాటకొస్తే లండన్‌లో గానీ పారిస్‌లో గానీ చెప్పగలిగినవాడు లేడు. గుండు పడిన దూరం నుంచి లెక్క కడదామంటే మధ్యలో గాలి అడ్డుతగులుతుంది. గాలి ఎంత ఆపుతుందో తెలియాలంటే ముందు వేగం తెలియాలి. ఈ ముడి విప్పడానికి ఇంకో 55 ఏళ్లు పట్టింది. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లిష్ గణితజ్ఞుడు తన ఫిరంగి శాస్త్ర గ్రంథంలో ఒక లోలకాన్ని వర్ణించాడు. ఇనప చట్రానికి బరువైన లోలకం వేలాడదీశాడు, దాని ముఖానికి మందమైన చెక్క బిగించాడు. గుండు చెక్కలో దిగుతుంది, లోలకం వెనక్కి ఊగుతుంది. ఎంత ఊగిందో చూసి గుండు వేగం చెప్పాడు. మస్కెట్ గుండుకు సెకనుకు 1,600 అడుగులకు పైగా వేగం వచ్చింది. అంటే దాదాపు 500 మీటర్లు.

దాన్నే మనం బాలిస్టిక్ లోలకం అంటున్నాం. మీ పాఠ్యపుస్తకంలో ఇది రెండు లైన్ల లెక్కగా ఉంటుంది. మొదటి లైనులో ద్రవ్యవేగ నిత్యత్వం, రెండో లైనులో శక్తి నిత్యత్వం. పిల్లలు రెండు లైన్లూ బట్టీ పట్టి, మార్కులు తెచ్చుకుని వెళ్లిపోతారు. మొదటి లైనులో శక్తిని ఎందుకు వాడకూడదు, రెండో లైనులో ద్రవ్యవేగాన్ని ఎందుకు వాడకూడదు అని ముప్పై మందిని అడిగితే ఇద్దరు చెబుతారేమో. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. అందుకని ఇవాళ ఎక్కువసేపు అక్కడే నిలబడతాను.

ముందు ఈ బల్ల మీద ఉన్నది చూడండి. ఇది పలచటి చెక్కతో చేసిన పెట్టె, పొడవు ఎనిమిది సెంటీమీటర్లు. ముందువైపు తెరిచి ఉంటుంది. లోపల చిన్నపిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి క్లే నింపాం. వెనకవైపు, ఒకవేళ పెల్లెట్ దూసుకుపోతే ఆపడానికి, సన్నటి ఇనప రేకు ఉంది. పెట్టె నాలుగు మూలల నుంచి నాలుగు దారాలు పైకి వెళ్తున్నాయి. ఒక్కొక్కటి సరిగ్గా మీటరు పొడవు. పెట్టె, క్లే, రేకు అన్నీ కలిపి 199.5 గ్రాములు. పెల్లెట్ అర గ్రాము. పెల్లెట్ దిగాక మొత్తం 200 గ్రాములు అవుతుంది, లెక్కకు తేలిగ్గా ఉంటుందని అలా సరిచేశాం. ప్రతిసారీ కాల్చేముందు పాత పెల్లెట్ తీసేసి, క్లే కాస్త గిల్లో కలిపో మళ్లీ 199.5కు తెస్తాం.

పెల్లెట్ బరువు గురించి ఒక మాట చెప్పాలి. అర గ్రాము తూయడంలో ఒక్క సెంటీగ్రాము తేడా పడినా, అది రెండు శాతం తప్పు. ఆ రెండు శాతమూ నేరుగా మన జవాబులోకి వస్తుంది. మామూలు ల్యాబ్ తక్కెడ దీనికి చాలదు. నేను ఒక డబ్బాలోంచి ఇరవై పెల్లెట్లు లెక్కపెట్టి, మా వీధిలో బంగారం పని చేసే ఆయన దగ్గర తూయించాను. ఇరవైకి సరిగ్గా పది గ్రాములు వచ్చాయి. తులానికి కాస్త తక్కువ. ఇరవైతో భాగిస్తే ఒక్కోదానికి అర గ్రాము. తక్కెడలో ఉన్న తప్పు కూడా ఇరవైతో భాగింపబడుతుంది.

పెట్టె వెనక ఒక స్కేలు, దాని మీద మడిచిన చిన్న కాగితం ముక్క ఉంది. పెట్టె వెనక్కి పోతూ ఆ కాగితాన్ని నెట్టుకుపోతుంది. పెట్టె తిరిగి వచ్చేస్తుంది, కాగితం అక్కడే ఉండిపోతుంది. రాబిన్స్ లోలకం అడుగున ఒక రిబ్బను కట్టి, అది ఎంత పొడవు బయటికి లాగబడిందో కొలిచాడు. మన కాగితం ముక్క చేసేది ఆ రిబ్బను పనే.

నిన్న సాయంత్రం ఇక్కడే ఐదుసార్లు కాల్చి చూశాం. గన్ను పట్టుకున్నది శిక్షణ ఉన్న మిత్రుడు. అందరికీ కళ్లద్దాలు ఉన్నాయి, పెట్టె వెనక మందపాటి చెక్క అడ్డం ఉంది. ఇంట్లో ఎవరూ దీన్ని సొంతంగా చేయకూడదు. కాగితం జరిగిన దూరాలు బోర్డు మీద ఉన్నాయి: 12.6, 12.9, 12.7, 13.0, 12.5 సెంటీమీటర్లు. సగటు 12.74.

ఇప్పుడు లెక్క. చివరి నుంచి మొదటికి వెళ్దాం. పెట్టె వెనక్కి 12.74 సెంటీమీటర్లు జరిగిందంటే పైకి ఎంత లేచింది? దారం మీటరు. వృత్తంలో పైథాగరస్ సూత్రం వేస్తే ఎత్తు దాదాపు 8 మిల్లీమీటర్లు. అంతే. గోధుమ గింజ పొడవుకు కాస్త ఎక్కువ. ఆ ఎత్తుకు లేవాలంటే అడుగున పెట్టె వేగం ఎంత ఉండాలి?

```
h = x² / 2L
V = √(2gh) = x √(g/L)
V = 0.1274 × √9.8 = 0.40 m/s
```

మధ్య లైను చూడండి. ఎత్తు అనేదే మాయమైపోయింది. వేగం నేరుగా అడ్డంగా జరిగిన దూరానికి అనుపాతంలో ఉంది. ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తును కొలవబోతే ఒక్క మిల్లీమీటరు పొరపాటు పడినా ఎత్తులో పన్నెండు శాతం తప్పు. అదే అడ్డంగా 127 మిల్లీమీటర్లలో ఒక మిల్లీమీటరు పొరపాటంటే ఒక శాతం కూడా కాదు. అందుకే రాబిన్స్ రిబ్బను కట్టాడు గానీ ఎత్తు కొలిచే పని పెట్టుకోలేదు. కచ్చితంగా చెప్పాలంటే ఇక్కడ x అనేది వృత్తంలో జ్యా పొడవు. మన చిన్న ఊపులో అడ్డ దూరానికీ దానికీ తేడా 0.2 శాతమే, కాబట్టి పట్టించుకోనక్కర్లేదు.

పెట్టె వేగం సెకనుకు 0.4 మీటరు. ఇక పెల్లెట్ వేగం. ఇక్కడే దారి రెండుగా చీలుతుంది.

మొదటి దారిలో ఒక తెలివైన విద్యార్థి ఇలా ఆలోచిస్తాడు: శక్తి ఎప్పుడూ నిత్యంగా ఉంటుంది కదా, పెల్లెట్ గతిజశక్తే చివరికి పెట్టె స్థితిజశక్తి అయింది, మధ్యలో ఉన్నదంతా వదిలేసి రెండూ సమానం అని రాస్తే సరిపోతుంది. ఈ ఆలోచనను నేను ఎప్పుడూ కోప్పడను. అతను నేర్చుకున్న అతి గొప్ప నియమాన్నే వాడుతున్నాడు. అలా చేస్తే ద్రవ్యరాశుల నిష్పత్తి 400, దాని వర్గమూలం 20. పెల్లెట్ వేగం 0.4కు ఇరవై రెట్లు, అంటే సెకనుకు 8 మీటర్లు.

రెండో దారి ద్రవ్యవేగానిది. పెల్లెట్ ద్రవ్యవేగం, పెల్లెట్టూ పెట్టె కలిసిన ద్రవ్యవేగం సమానం. అప్పుడు నిష్పత్తి మొత్తంగా వస్తుంది. 0.4కు 400 రెట్లు, సెకనుకు 160 మీటర్లు.

ఎనిమిదా, నూట అరవయ్యా? సెకనుకు 8 మీటర్లంటే గంటకు 29 కిలోమీటర్లు. ట్యాంక్‌బండ్ మీద సైకిల్ గట్టిగా తొక్కితే వచ్చే వేగం. ఆ వేగంతో అర గ్రాము సీసం ముక్క విసిరితే క్లేలో నాలుగు సెంటీమీటర్లు దిగుతుందా? పైపైన అతుక్కుంటుందంతే. కాబట్టి ఎనిమిది తప్పని మనసుకు తెలుస్తోంది. కానీ మనసుకు తెలియడం చాలదు. ఏది ఒప్పో ప్రయోగమే చెప్పాలి. చెప్పించే ఉపాయం కూడా ఉంది.

పెట్టె కింద ఇంకో 200 గ్రాముల సీసం బిళ్ల అతికిద్దాం. మొత్తం 400 గ్రాములు. గన్ను అదే, పెల్లెట్ అదే. పెట్టె ఇప్పుడు ఎంత జరుగుతుంది? కాల్చకముందే రెండు జవాబులూ బోర్డు మీద రాస్తాను. శక్తి మొత్తం పెట్టెకు చేరుతుందనే దారి నిజమైతే, బరువు రెట్టింపయినప్పుడు వేగం √2 రెట్లు తగ్గాలి. కాగితం 9 సెంటీమీటర్ల దగ్గర ఆగాలి. ద్రవ్యవేగం దారి నిజమైతే పెట్టె వేగం సరిగ్గా సగం కావాలి. కాగితం 6.4 దగ్గర ఆగాలి. రెంటి మధ్య రెండున్నర సెంటీమీటర్ల తేడా ఉంది. వెనక బెంచీలో కూర్చున్నవాళ్లకు కూడా కనిపిస్తుంది.

(ఇక్కడ మూడుసార్లు కాల్చి చూపించారు. కొలతలు: 6.3, 6.5, 6.4 సెంటీమీటర్లు.)

చూశారు కదా. 6.4. తొమ్మిది దరిదాపుల్లో ఒక్కటి కూడా లేదు. పుస్తకంలో రాసి ఉంది కాబట్టి ద్రవ్యవేగం వాడుతున్నాం అని ఇకమీద ఎవరూ రాయనక్కర్లేదు. మన కళ్ల ముందే తేలింది.

సరే, ఎందుకిలా? పోయిన శక్తి ఎక్కడికి పోయింది? 160 మీటర్ల వేగంతో వస్తున్న పెల్లెట్ గతిజశక్తి 6.4 జౌళ్లు. పెట్టె కదలిన తర్వాత దాని గతిజశక్తి 0.016 జౌలు. నాలుగు వందల పాళ్లలో ఒక పాలు మిగిలింది, 399 పాళ్లు క్లేను చీల్చడంలో, సీసం నలగడంలో, వేడిలో పోయాయి. దీన్నే అస్థితిస్థాపక అభిఘాతం అంటాం. రెండు వస్తువులూ కలిసిపోయి ఒకటిగా కదిలితే అది సంపూర్ణ అస్థితిస్థాపకం.

ముందు వరసలో అమ్మాయి చెయ్యెత్తుతోంది. అడుగమ్మా.

ప్రశ్న: సార్, వేడి వల్ల శక్తి పోయింది సరే. మరి అదే దెబ్బలో ద్రవ్యవేగం మాత్రం ఎందుకు పోలేదు? దాన్ని కూడా క్లే మింగేయవచ్చు కదా?

చాలా మంచి ప్రశ్న తల్లీ. నేను చెప్పాలని వచ్చినది ఇదే. నెమ్మదిగా చూద్దాం.

పెల్లెట్ క్లేలోకి దిగుతున్న ఆ క్షణాన్ని సాగదీసి చూద్దాం. లోపలికి నాలుగు సెంటీమీటర్లు దిగింది. మొదట వేగం 160, చివరకు దాదాపు సున్నా, సగటున 80 అనుకుందాం. నాలుగు సెంటీమీటర్లకు పట్టిన కాలం సెకనులో రెండు వేలో వంతు, అంటే అర మిల్లీసెకను. ఆ అర మిల్లీసెకనులో పెల్లెట్ క్లేను ముందుకు నెడుతోంది, క్లే పెల్లెట్‌ను వెనక్కి నెడుతోంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం రెండు బలాలూ సమానం. లెక్క కడితే సగటున 160 న్యూటన్లు.

ఇప్పుడు గమనించండి. పెట్టె మీద ఆ బలం ఎంతసేపు పని చేసింది? అర మిల్లీసెకను. పెల్లెట్ మీద ఎంతసేపు? అదే అర మిల్లీసెకను. బలం ఒకటే, కాలం ఒకటే. బలాన్ని కాలంతో గుణిస్తే వచ్చేది ద్రవ్యవేగంలో మార్పు. కాబట్టి పెల్లెట్ ఎంత పోగొట్టుకుందో పెట్టె సరిగ్గా అంతే సంపాదించింది. క్లే మెత్తనైనా గట్టిదైనా, ఎంత వేడెక్కినా ఈ లెక్క మారదు. మధ్యలో మింగడానికి చోటే లేదు.

అయితే శక్తిని ఇచ్చేది బలం ఇంటూ కాలం కాదు, బలం ఇంటూ దూరం. ఆ అర మిల్లీసెకనులో పెల్లెట్ నాలుగు సెంటీమీటర్లు కదిలింది. పెట్టె ఎంత కదిలింది? దాని వేగం సున్నా నుంచి 0.4కు పెరిగింది, సగటు 0.2. అర మిల్లీసెకనులో 0.1 మిల్లీమీటరు. కాగితం మందమంత. ఒకే బలం, ఒకే కాలం, కానీ ఒకటి నాలుగు సెంటీమీటర్లు నడిచింది, రెండోది మిల్లీమీటరులో పదో వంతు నడిచింది. 160 న్యూటన్లను నాలుగు సెంటీమీటర్లతో గుణించండి, 6.4 జౌళ్లు వస్తుంది. పెల్లెట్ పోగొట్టుకున్నది అది. అదే 160 న్యూటన్లను 0.1 మిల్లీమీటరుతో గుణించండి, 0.016 జౌలు. పెట్టెకు దక్కింది అది. ఇందాక వేరే దారిలో కట్టిన అంకెలే మళ్లీ వచ్చాయి. పెల్లెట్‌కూ పెట్టెకూ కాలం ఉమ్మడిది, దూరం ఎవరిది వాళ్లదే. అందుకే ద్రవ్యవేగం పూర్తిగా అందింది, శక్తి అందలేదు.

బరువు, దారాల లాగుడు ఈ దెబ్బలో ఏమీ చేయవా అని కూడా అడగాలి. పెట్టె కాగితం మందమంతే కదిలింది కనుక దారాలు ఇంకా నిట్టనిలువుగానే ఉన్నాయి. అవి అడ్డంగా లాగే బలం న్యూటనులో వెయ్యో వంతు కూడా లేదు. 160 న్యూటన్ల పక్కన దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. అందుకే దెబ్బ క్షణంలో మటుకు ద్రవ్యవేగాన్ని నమ్మవచ్చు.

దెబ్బ అయిపోయింది. పెల్లెట్, క్లే, పెట్టె అన్నీ ఒకే వేగంతో ఉన్నాయి, ఇక రాపిడి లేదు. ఇక్కడి నుంచి ఊపు మొదలు. ఊపు చివరిదాకా వెళ్లడానికి అర సెకను పడుతుంది, అంటే దెబ్బకు పట్టిన కాలానికి వెయ్యి రెట్లు. ఇంత తీరిక దొరికితే గురుత్వాకర్షణ తన పని తాను చేస్తుంది. పెట్టె పైకి లేస్తూ ఆగిపోతుంది. ఆగిన చోట ద్రవ్యవేగం సున్నా. కాబట్టి రెండో భాగంలో ద్రవ్యవేగ నిత్యత్వం పనికిరాదు. శక్తి మాత్రం నిలుస్తుంది, ఎందుకంటే దారం ఎప్పుడూ పెట్టె కదిలే దిశకు లంబంగా లాగుతుంది, అది ఏ పనీ చేయదు.

రెండో భాగాన్ని విడిగా పరీక్షించవచ్చు కూడా. గన్ను పక్కన పెట్టి, పెట్టెను 12.7 సెంటీమీటర్లు చేత్తో వెనక్కి తీసి, ఇంకో దారంతో కట్టి నిలిపి, ఆ దారం కాల్చి వదలండి. అవతలి వైపు ఎంతదాకా పోయిందో చూడండి. మాకు 12.6 వచ్చింది. గాలి, కాగితం రాపిడి కలిసి మింగినది అంతే, ఒక శాతం లోపు. ఇదే 11 వచ్చి ఉంటే, కాగితం మరీ బిగుతుగా ఉందనో, దారాలు కట్టిన మేకు కదులుతోందనో అర్థం. అది సరిచేయకుండా గన్ను ముట్టుకోకూడదు.

ఇక తప్పులు ఎక్కడ వస్తాయో చెబుతాను. అన్నీ చెప్పను, నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినవి చెబుతాను.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కాలేజీలో ఇదే ప్రయోగం క్లే లేకుండా, గట్టి చెక్కదిమ్మెతో చేశాం. గన్ను ఇలాంటిదే. సెకనుకు 190 మీటర్లు వస్తోంది. మరుసటి రోజు కూడా అంతే. వారం రోజులు పిల్లలూ నేనూ ఒకటే టెన్షన్ పడ్డాం. దారాలు మార్చాం, స్కేలు మార్చాం. చివరికి ఊడుస్తున్న ఆయా నేల మీంచి అప్పచ్చిలా నలిగిన సీసం ముక్కలు తీసి నా చేతిలో పెట్టింది. పెల్లెట్లు చెక్కలో దిగడం లేదు! తగిలి వెనక్కి ఎగిరిపోతున్నాయి. పెల్లెట్ 160తో వచ్చి 30తో వెనక్కి పోతే, దిమ్మెకు అందే ద్రవ్యవేగం 190కి సరిపడా ఉంటుంది. మేము కొలిచింది రెంటి మొత్తాన్ని. కొలత తప్పు కాదు. పెల్లెట్ లోపలే ఉండిపోయిందన్న ఊహ తప్పు. దీన్ని పట్టుకోవడం ఎంత సులువో తర్వాత తెలిసింది. కాల్చాక దిమ్మెను మళ్లీ తూయాలి. అర గ్రాము పెరగకపోతే ఆ కొలతను కొట్టేయాలి. ఇవాళ కూడా ప్రతిసారీ కాల్చాక పెట్టెను తూస్తున్నది అందుకే.

ఇంకొకటి, దెబ్బ పక్కకు తగలడం. పెట్టె మధ్యలో కాక అంచున తగిలితే అది గిర్రున తిరగబోతుంది, శక్తి కొంత మెలికలోకి పోతుంది. ఒకే దారంతో వేలాడదీస్తే ఇది మరీ ఎక్కువ. నాలుగు దారాలు కట్టింది పెట్టె అటూ ఇటూ వంగకుండా, తిన్నగా వెనక్కి పోవడానికి. మొబైల్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే వణుకు వెంటనే కనబడుతుంది. వణికిన కొలతలను మేము లెక్కలోకి తీసుకోలేదు.

గన్ను నోటి నుంచి పెల్లెట్ వెంట గాలి కూడా వస్తుంది. దగ్గర నుంచి కాలిస్తే ఆ గాలి కూడా పెట్టెను నెడుతుంది, వేగం ఎక్కువ చూపిస్తుంది. అందుకే గన్ను రెండున్నర మీటర్ల దూరంలో ఉంది, మధ్యలో చిల్లు పెట్టిన అట్ట ఉంది. పెల్లెట్ చిల్లులోంచి పోతుంది, గాలిని అట్ట ఆపుతుంది.

దూరం మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఈ లోలకం చెప్పేది పెట్టెను తాకేటప్పటి వేగం, గన్ను నోటి దగ్గరి వేగం కాదు. మనకు ఇది లోపంలా కనబడుతుంది. రాబిన్స్ దాన్నే పనిముట్టుగా వాడాడు. తుపాకీని లోలకానికి దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టి కాల్చాడు. రెండు వేగాల తేడా మధ్యలో ఉన్న గాలి చేసిన పని. గోల్కొండ నాటి ముడి అక్కడ విడిపోయింది. గాలి ఆపే బలం ఆ వేగాల దగ్గర గుండు బరువుకు వంద రెట్లు దాటుతుందని తేలింది. గాలిని పెద్దగా లెక్కచేయనక్కర్లేదు, పరావలయం గీసుకుంటే చాలు అనుకున్నవాళ్లకు అది పిడుగులాంటి వార్త. ఆయిలర్ అంతటి గణితజ్ఞుడు 1745లో ఆ పుస్తకాన్ని జర్మన్‌లోకి తెచ్చి, దాని మీద పెద్ద వ్యాఖ్యానం రాశాడు. రాబిన్స్ తర్వాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా మన దక్షిణాదికే వచ్చాడు, కోటలు బాగుచేయడానికి. 1751 జులైలో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు. నలభై నాలుగేళ్లు. మన తీరానికి ఇంత దగ్గరలో పోయిన మనిషి పేరు మన పాఠాల్లో ఎక్కడా వినబడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ మూలన మాస్టారు ఏదో అడుగుతున్నారు. చెప్పండి సార్.

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఉన్నది దారాలది కాదండీ. ఇనప కడ్డీకి గిన్నె లాంటిది ఉంటుంది, స్ప్రింగ్ గన్నుతో ఉక్కు గోళీ వదులుతాం. దానికీ ఇదే సూత్రం వాడుతున్నాం. వేరే పద్ధతిలో కొలిచిన వేగంతో పోలిస్తే ఎప్పుడూ కొన్ని శాతాలు తేడా వస్తోంది.

తేడా వస్తుంది సార్, అది మీ చేతి తప్పు కాదు. దారాల పెట్టెలో ప్రతి కణమూ ఒకే వేగంతో కదులుతుంది. కడ్డీ లోలకంలో పై భాగం నెమ్మదిగా, కింది భాగం వేగంగా తిరుగుతుంది. పైగా కడ్డీని పట్టుకున్న ఇరుసు దెబ్బ క్షణంలోనే అడ్డంగా ఒక తోపు తోస్తుంది, కాబట్టి మామూలు ద్రవ్యవేగం నిలవదు. ఇరుసు చుట్టూ కోణీయ ద్రవ్యవేగం మాత్రం నిలుస్తుంది. ఇరుసు దగ్గర పుట్టే బలానికి ఇరుసు చుట్టూ భ్రామకం సున్నా కదా. దానికి జడత్వ భ్రామకం కావాలి. అది కొలవడానికి మళ్లీ ఇంకో ప్రయోగం అక్కర్లేదు. గోళీ గిన్నెలో ఉండగా లోలకాన్ని చిన్నగా ఊపి, యాభై ఊపులకు పట్టిన కాలం తీసుకోండి. దాని నుంచి ఒక ఊపు కాలం T వస్తుంది. జడత్వ భ్రామకం T లోనే దాగి ఉంది, కాబట్టి సూత్రం ఇలా అవుతుంది:

```
v = (M + m) g R T sin(θ/2) / (π m b)
```

ఇందులో R అనేది ఇరుసు నుంచి గోళీతో సహా లోలకం ద్రవ్యరాశి కేంద్రానికి ఉన్న దూరం. కడ్డీని కత్తి అంచు మీద నిలబెట్టి అది తెలుసుకోవచ్చు. b అనేది ఇరుసు నుంచి గోళీ తాకిన చోటికి ఉన్న దూరం. θ మీ కోణమానిని చూపించేది. మీ పాత రీడింగులు పారేయకండి సార్, రేపు ల్యాబ్‌కి వెళ్లగానే T ఒక్కటి కొలిచి, వాటినే ఈ సూత్రంలో వేసి చూడండి. ఈ లోపు ఇక్కడ పెట్టెను మళ్లీ 199.5కు తెచ్చాం. కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కరుగా ముందుకు వచ్చి కాగితం ఎక్కడ ఆగిందో మీరే చదవండి.